మిఠాయి పేరు ఫోన్‌లో చెప్పగలిగేలా ఉండాలి: పాలమూరు, నల్లగొండ దుకాణాలకు ఒక విశ్లేషణ

క్లుప్తంగా

మిఠాయి కళ్ల ముందున్నప్పుడు కొనేవాళ్లకు దాని పేరుతో పని పడదు, వేలు చూపిస్తే చాలు. పేరు అవసరమయ్యేది మిఠాయి ఎదురుగా లేనప్పుడు: ఫోన్‌లో చెప్పి తెప్పించుకునేటప్పుడు, ఊరికి వెళ్లేవాళ్లతో చెప్పి పంపేటప్పుడు. అక్కడ పని చేసే పేరుకు రెండు ముక్కలు కావాలి. అదేం మిఠాయో చెప్పేది ఒకటి, ఏ దుకాణానిదో చెప్పేది ఇంకొకటి. ఊరి పేరు, ‘స్పెషల్’ లాంటి మాటలు రెండో పని చేయలేవు. వాటిని చట్టం కూడా ఒకరి సొంతంగా ఒప్పుకోదు. వనపర్తిలో ఒక పల్లి కోవాను ఊహించుకుని, దానికి పేరు పెట్టే పద్ధతిని ఈ వ్యాసం మొదటినుంచి చివరిదాకా చూస్తుంది.

అద్దాల ముందు పేరు ఎందుకు పలకదు

దసరా ముందు రోజుల్లో నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూ టౌన్‌లోనైనా మిఠాయి దుకాణం కౌంటర్ దగ్గర వినిపించే మాటలు ఇంచుమించు ఒకటే. “అన్నా, గా పచ్చది పావుకిలో, గా పక్కది అరకిలో కట్టు.” ట్రేల మీద పేర్లు రాసి పెట్టే ఉంటాయి. వాటిని చదివేవాళ్లు తక్కువ, చదివినా పైకి పలికేవాళ్లు ఇంకా తక్కువ. గుంపులో నిలబడి తెలియని పేరు తప్పుగా పలికేకంటే వేలు చూపించడం తేలిక.

దీన్నిబట్టి చాలామంది దుకాణదారులు పేరుతో లాభం లేదని అనుకుంటారు. ఇంకొందరు అద్దం మీద ఇంకా పెద్ద అక్షరాలు వేయిస్తారు. ఈ రెండూ ఒకే పొరపాటు నుంచి వస్తున్నాయి. పేరు పని చేయాల్సిన చోటు అద్దం ముందే అనుకోవడం ఆ పొరపాటు.

అసలు చోటు వేరే ఉంది. వనపర్తి నుంచి హైదరాబాద్ వెళ్లిన కొడుకు డబ్బా తీసుకెళ్తాడు. అతని గదిలో ఉండే స్నేహితుడు తింటాడు. నెల తర్వాత ఆ స్నేహితుడు పని మీద అటు వెళ్తున్న ఇంకొకరికి ఫోన్ చేసి తెమ్మంటాడు. ఇక్కడ తిన్నది ఒకరు, కొనేది ఇంకొకరు. కొనేవాడు ఆ మిఠాయిని ఎప్పుడూ చూడలేదు, కాబట్టి వేలు చూపించలేడు. అతని దగ్గర ఉన్నది ఫోన్‌లో విన్న మాట ఒక్కటే. దక్షిణ తెలంగాణలో ఇలాంటి కొనుగోళ్లు తక్కువేమీ కావు. పాలమూరు పల్లెల నుంచి పని కోసం హైదరాబాద్, ముంబై, పుణెలకు పోయే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. పండక్కి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు సంచిలో ఏదో ఒక డబ్బా ఉంటుంది.

ముగ్గురి నోళ్లు దాటే పేరు

తిన్నవాడు, తెచ్చేవాడు, కౌంటర్ దగ్గరి కుర్రాడు: పేరు ఈ ముగ్గురినీ దాటాలి. ప్రతి చోటా కొంత అరుగుతుంది. ఎక్కడ ఏ ముక్క రాలిపోతుందో తెలిస్తే పేరు ఎలా కట్టాలో తెలుస్తుంది.

తిన్నవాడికి గుర్తుండేది రుచి, ఆకారం. పేరు డబ్బా మీద చూసి ఉంటే సగం గుర్తుంటుంది. తెచ్చేవాడు ఆ సగంలో తనకు అర్థమైన మాటను పట్టుకుంటాడు. అందుకే ‘స్పెషల్ పల్లి కోవా’ అని చెబితే అతని చెవిలో నిలిచేది ‘పల్లి కోవా’. బస్టాండ్ పక్కన మొదట కనిపించిన దుకాణంలో అడుగుతాడు. వాళ్లు ఏదో ఒకటి ఇస్తారు. హైదరాబాద్‌లో డబ్బా తెరిచాక ‘అప్పటిలా లేదు’ అన్న మాట వస్తుంది, ఆ చెడ్డపేరు మాత్రం అసలు దుకాణానికి చేరుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ‘గోల్డెన్ డిలైట్’ లాంటి పేర్లు. అందులో ఉన్నది కోవానా, లడ్డూనా, బిస్కెట్టా అన్నది తెచ్చేవాడికి తెలియదు. బస్సు దిగేలోపే మర్చిపోతాడు. గుర్తున్నా ‘అదేదో గోల్డ్ అన్నడు’ అని అడుగుతాడు. కౌంటర్ కుర్రాడు ఖరీదైన జీడిపప్పు స్వీటు చూపిస్తాడు.

పనికొచ్చే పేరులో ఈ రెండు గుణాలూ ఉండాలి. వెనక ముక్క వస్తువును చెప్పాలి: కోవా, కాజా, లడ్డు, పట్టి. ముందు ముక్క ఆ దుకాణాన్ని చెప్పాలి. తెచ్చేవాడు వేరే దుకాణానికి వెళ్లి ఆ ముందు ముక్కతో అడిగితే ‘మా దగ్గర లేదు’ అన్న జవాబు రావాలి. ఆ జవాబే అతన్ని సరైన గుమ్మానికి పంపుతుంది. పక్క దుకాణంవాడు ‘ఉంది’ అనగలిగితే ఆ పేరు పని చేయలేదని లెక్క.

ఇంకో సంగతి. తెలుగువాళ్లు రెండు మాటల పేరును ఎక్కువకాలం రెండుగా ఉంచరు. ముందు ముక్క చాలనుకుంటే వెనకది వదిలేస్తారు. చాయ్ హోటల్‌లో “రెండు ఉస్మానియా” అంటే బిస్కెట్లే వస్తాయి. “మిర్చి ఒక ప్లేటు” అంటే బజ్జీలు వస్తాయి. కాబట్టి చివరికి జనం నోట మిగిలేది ముందు ముక్క. దుకాణదారుకు సొంతమైన మాట అక్కడే ఉండాలి, అది రెండు మూడు అక్షరాలు దాటకపోతే మంచిది. నారాయణపేట వైపు కన్నడ, మరాఠీ మాట్లాడేవాళ్లు, మహబూబ్‌నగర్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్లు కూడా కొంటారు కాబట్టి ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఎన్ని తక్కువుంటే అంత మేలు.

ఊరి పేరు పెడితే లాభం ఎవరికి

కొత్త మిఠాయి అనగానే ఎక్కువమందికి తట్టేది ఊరి పేరే. ‘పాలమూరు కోవా’, ‘దేవరకొండ పట్టి’. పలకడానికి బాగుంటాయి, గర్వంగానూ ఉంటాయి. చిక్కు ఏమిటంటే ఊళ్లో అందరికీ ఆ పేరు మీద సమాన హక్కు ఉంటుంది.

కోనసీమ, గోదావరి వైపు ఇది చాలాకాలంగా కనిపిస్తోంది. తాపేశ్వరం మడత కాజా పేరు ఎంత పెరిగిందంటే, ఆ ఊరికి ఏ సంబంధమూ లేని ఊళ్లలో కూడా ఆ బోర్డులు కనిపిస్తాయి. కాకినాడలో మాత్రం ‘కోటయ్య కాజా’ అని మనిషి పేరుతో అడుగుతారు. రెండూ కాజాలే, రెండూ ప్రసిద్ధమే. మొదటి పేరు ఊరికి పేరు తెచ్చింది, రెండోది దుకాణానికి తెచ్చింది.

ఊరి పేరును కాపాడుకునే దారి లేకపోలేదు. అది భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో వచ్చింది. దక్షిణ తెలంగాణకు దగ్గరలో చూస్తే తాండూరు కందిపప్పుకు 2022లో వచ్చింది. అయితే ఇది తయారీదారుల సంఘాల కోసం, ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసేవాళ్లందరి కోసం ఉద్దేశించింది. తితిదే చేతిలో ఉన్న తిరుపతి లడ్డు లాంటిది అరుదైన సందర్భం. పైగా ఆ వస్తువు గుణానికి, ఆ నేలకు ఉన్న సంబంధాన్ని, దాని పాత చరిత్రను రుజువు చేయాలి. నిన్న మొన్న ఒక దుకాణంలో పుట్టిన మిఠాయికి అలాంటి చరిత్ర ఉండదు. ‘మా స్వీటుకు జీఐ తెచ్చుకుంటాం’ అనే ఒంటరి దుకాణదారు నిజానికి అడుగుతున్నది ట్రేడ్‌మార్క్. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం పత్రికల్లో కూడా కనిపిస్తుంది.

వనపర్తి పల్లి కోవా: ఒక ఊహా ఉదాహరణ

వనపర్తిలో ఒక మిఠాయి దుకాణం ఉందనుకుందాం. చుట్టుపక్కల యాసంగిలో పల్లి బాగా పండుతుంది, గేదె పాలు దొరుకుతాయి. దుకాణంవాళ్లు వేయించిన పల్లి పొడి, కోవా, బెల్లం కలిపి ఒక బిళ్ల చేస్తున్నారు. బాగానే పోతోంది. దీన్నే పేరున్న సరుకుగా చేయాలనుకున్నారు.

పేరు గురించి ఆలోచించే ముందు వచ్చే ప్రశ్న, ఈ మిఠాయి ప్రయాణం చేయగలదా అని. పేరు పని చేసేదే ప్రయాణంలో కాబట్టి దారిలో పాడయ్యే దానికి పేరు పెట్టి లాభం లేదు. విడిగా అమ్మే మిఠాయిలు ఎన్నాళ్లు ఉంటాయన్న దానిపై కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన మార్గదర్శకంలో కలాకండ్ అదే రోజు తినాలి, బెంగాలీ స్వీట్లకు 2 రోజులు, కోవా మిఠాయిలకు 4 రోజులు అని ఉంది. 4 రోజులంటే హైదరాబాద్ చేరి, ఇంట్లో రెండు రోజులు ఉండే వ్యవధి. చాలు, కానీ దానికి మించి లేదు. ముంబై సంచికి ఇది పనికిరాదు. రసమలై దుకాణంలో ఎంత పేరు తెచ్చుకున్నా ఈ పరీక్ష దాటదు.

రెండో ప్రశ్న, ప్రతిసారీ ఒకేలా వస్తుందా అన్నది. 10 లీటర్ల గేదె పాలు కాస్తే సుమారు 2 కిలోల కోవా వస్తుంది. ఆవు పాలైతే ఇంకా తగ్గుతుంది. దానికి 700 గ్రాముల పల్లి పొడి, 800 గ్రాముల బెల్లం చేరిస్తే మూడున్నర కిలోలు. బిళ్ల 25 గ్రాములైతే 140 బిళ్లలు, కిలోకు సరిగ్గా 40. ఈ లెక్క పేరుకు ఎందుకు ముఖ్యమంటే, ఫోన్‌లో చెప్పేవాడు ‘అరకిలో డబ్బా’ అంటాడు. దాంట్లో ఎప్పుడూ 20 బిళ్లలే ఉండాలి. ఒకసారి 17, ఒకసారి 22 వస్తే అది వేరే సరుకేమో అన్న అనుమానం మొదలవుతుంది. బెల్లాన్ని కోవా దగ్గరపడి మంట మీంచి దించాకే కలపాలి. పాలు పలచగా ఉన్నప్పుడు వేస్తే బెల్లంలోని పులుపుకు విరిగి గింజగింజగా అవుతుంది, ఆ రోజు బిళ్ల రుచి మారిపోతుంది.

ఇక పేర్లు. దుకాణంవాళ్ల ముందు అయిదు ఉన్నాయనుకుందాం.

‘స్పెషల్ పల్లి కోవా’లో సొంత ముక్క లేదు. ‘పాలమూరు కోవా’ అందరిదీ. ‘గోల్డెన్ డిలైట్’లో వస్తువు లేదు. ఈ మూడూ పైన చెప్పిన కారణాలతో పక్కకు పోతాయి.

నాలుగోది ‘నొక్కుడు కోవా’. బిళ్ల మధ్యలో బొటనవేలితో నొక్కిన గుంట ఉంటుంది కాబట్టి కొందరు అప్పటికే అలా పిలుస్తున్నారు. ఇది తెలుగు మిఠాయిల అసలైన బాణీ. మడత కాజా, గొట్టం కాజా, తొక్కుడు లడ్డు అన్నీ ఇలా చేతి పనినో ఆకారాన్నో పట్టుకుని పుట్టినవే. నోటికి బాగా పడుతుంది. లోపం ఎక్కడంటే, రేపు పక్క దుకాణంవాడూ వేలితో నొక్కుతాడు. అది నొక్కుడు కోవా కాదని ఎవరూ అనలేరు. పని పేరుతో పుట్టిన మాట ఆ పని చేసే అందరికీ చెందుతుంది. తొక్కుడు లడ్డు ఏ ఒక్క దుకాణానిదీ కానిది అందుకే.

అయిదోది వేలి గుంట బదులు ఒక బొమ్మ అచ్చు వేసి, ఆ బొమ్మ పేరుతోనే పిలవడం. మొదట చిలక అనుకున్నారు. కానీ పంచదార చిలకలు ఇప్పటికే ఉన్నాయి, తెచ్చేవాడు వాటినే కొనుక్కుపోయే ప్రమాదం ఉంది. నెమలి అనుకుంటే ఆ చిక్కు లేదు. ‘నెమలి కోవా’: చిన్నపిల్లలూ పలుకుతారు. కోవాకూ నెమలికీ సహజంగా ఏ సంబంధమూ లేదు, ఆ సంబంధం లేకపోవడమే దాని బలం. పక్క దుకాణంవాడు నెమలి మాట వాడాలంటే, కావాలనే వాడాడని తప్ప ఇంకో కారణం చూపలేడు.

అచ్చు పడాలంటే

బొమ్మ బిళ్ల మీదే ఉండటంలో ఇంకో లాభం ఉంది. డబ్బా పారేసినా, పళ్లెంలో పెట్టి నలుగురికి పంచినా పేరు బిళ్లతోనే వెళ్తుంది. తిన్నవాడు పేరు మర్చిపోయి ‘గా నెమలి బొమ్మది’ అన్నా అది పేరు చెప్పినట్టే. ఆకారమూ మాటా ఒకటే అయినప్పుడు మర్చిపోయే ముక్క తగ్గుతుంది.

ఇది వినడానికి తేలిక, చేయడంలో చిక్కులున్నాయి. కోవా వేడిగా ఉన్నప్పుడు అచ్చు వేస్తే గీతలు అలుక్కుపోతాయి. బాగా చల్లారాక వేస్తే అంచులు పగులుతాయి. గోరువెచ్చగా ఉన్నప్పుడు, అచ్చుకు కొంచెం నెయ్యి రాసి వేయాలి. పల్లి పొడి జల్లెడ పట్టకపోతే ఒక్కో పలుకు సరిగ్గా నెమలి మెడ మీద పడి గీత తెగుతుంది. బెల్లం తేమను లాగుతుంది కాబట్టి వానాకాలంలో బిళ్ల మెత్తబడి సన్నని గీతలు మాయమవుతాయి. పింఛంలో ప్రతి కన్నూ చెక్కించాలని సరదా పడితే రెండో రోజుకు అది బాతులా కనిపిస్తుంది. మెడ, తోక, ఒక కన్ను: లోతైన మూడు నాలుగు గీతలు చాలు. ఒక్కో బిళ్లకు అయిదు సెకన్లు పట్టినా 140 బిళ్లలకు పన్నెండు నిమిషాలు దాటదు. పండగ రద్దీలో ఈ పన్నెండు నిమిషాలు మిగిల్చుకుందామని అచ్చు మానేసిన రోజు ఆ సరుకు మళ్లీ ఉత్త పల్లి కోవా అయిపోతుంది.

చట్టం ఎక్కడ ఒప్పుకుంటుంది, ఎక్కడ ఒప్పుకోదు

1999 ట్రేడ్‌మార్క్స్ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం వస్తువు రకాన్ని, నాణ్యతను, పుట్టిన చోటును మాత్రమే చెప్పే మాటలను సాధారణంగా ఒకరి పేర రిజిస్టర్ చేయరు. ఎన్నో ఏళ్ల వాడకంతో ఆ మాట వినగానే ఒకే దుకాణం గుర్తొచ్చే స్థితి వస్తే తప్ప. పొగడ్త మాటలకూ ఇదే గతి. నూడుల్స్ మసాలా పేరులో ‘మ్యాజిక్’ మాట మీద ఐటీసీ, నెస్లే కంపెనీల మధ్య నడిచిన కేసులో 2020లో మద్రాస్ హైకోర్టు, అది వ్యాపారంలో అందరూ వాడే పొగడ్త మాట, ఎవరికీ సొంతం కాదని చెప్పింది. అంత పెద్ద కంపెనీకి ‘మ్యాజిక్’ దక్కనప్పుడు మిఠాయి కొట్టుకు ‘స్పెషల్’ దక్కుతుందని ఆశించడానికి లేదు.

‘నెమలి’కి ఆ అభ్యంతరం రాదు. రావాల్సింది ఇంకొకటి: అప్పటికే ఎవరైనా వాడుతున్నారా అన్నది. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. ‘నెమలి’ ఒక్కటే వెతికితే సరిపోదు. మయూరి, మయూర, మోర్, పీకాక్, వాటితోపాటు నెమలి బొమ్మ ఉన్న లేబుళ్లు కూడా చూడాలి. ఎందుకంటే అర్థం ఒకటైనా అభ్యంతరం రావచ్చు. రిజిస్ట్రీ సరుకులను, సేవలను తరగతులుగా విడదీస్తుంది. మిఠాయిలు సాధారణంగా 30వ తరగతిలో వస్తాయి. పాల పదార్థాలు 29, హోటల్ సేవలు 43. కోవా రెంటి మధ్యా ఉంటుంది కాబట్టి 30తో పాటు 29 కూడా వెతకడం మంచిది. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము తరగతికి 4,500 రూపాయలు. తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. పరిశీలన దాటాక జర్నల్‌లో ప్రచురిస్తారు, ఆ తర్వాత 4 నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రిజిస్టర్ అయితే 10 ఏళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. దరఖాస్తు వేయగానే వలయంలో ఆర్ గుర్తు ముద్రించేవాళ్లున్నారు. అది రిజిస్ట్రేషన్ వచ్చాకే వాడాలి. అప్పటిదాకా టీఎం అక్షరాలు చాలు.

అనుకరణ వస్తే అది ఎలా ఉంటుందో కూడా ముందే చెప్పవచ్చు. ‘నెమలి కోవా’ అనే ఎవరూ పెట్టరు. ‘న్యూ నెమలి’, ‘శ్రీ నెమలి’, ‘మయూరి కోవా’ అంటారు. (బోర్డు మీద ‘ఒరిజినల్’ అన్న మాట వేశారంటే ఆ వీధిలోకి నకలు అప్పటికే వచ్చేసిందని అర్థం.) ఇలాంటి వాటిని కొలిచే పద్ధతిని సుప్రీంకోర్టు 1962లోనే అమృతధార కేసులో చెప్పింది. అమృతధార, లక్ష్మణధార అన్న రెండు మందుల పేర్లను ముక్కలు చేసి అర్థాలు పోల్చకూడదని, సగం సగం గుర్తున్న మామూలు కొనుగోలుదారు చెవికి మొత్తం పేరు ఎలా వినిపిస్తుందో చూడాలని ఆ తీర్పు సారాంశం. తెచ్చేవాడి సగం జ్ఞాపకం గురించి పైన చెప్పుకున్నది, కోర్టు కొలిచేది ఒకటే.

ఆ కేసులో ఇంకో పాఠం ఉంది, దాన్ని అంతగా ఎవరూ చెప్పుకోరు. పేర్లు పోలి ఉన్నాయని ఒప్పుకున్నా, అమృతధారవాళ్లు తెలిసీ చాలాకాలం ఊరుకున్నారన్న కారణంతో లక్ష్మణధారకు ఉత్తరప్రదేశ్ మేరకు రిజిస్ట్రేషన్ దక్కింది. ‘పోనీలే, మన ఊరివాడే కదా’ అని మొదటి నకలును చూసీ చూడనట్టు వదిలేస్తే రెండో నకలు వచ్చినప్పుడు అడిగే బలం తగ్గుతుంది.

ప్యాకెట్ మీద పేరుకు వేరే నియమం ఉంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం లోపల ఉన్నది నిజంగా ఏమిటో డబ్బా ముందు వైపు కనిపించాలి. కాబట్టి పైన పెద్దగా ‘నెమలి’, కింద ‘పల్లి కోవా’ అని వేయాలి. పల్లి పడనివాళ్లుంటారు కాబట్టి పల్లి, పాలు ఉన్నాయని విడిగా చెప్పడమూ తప్పనిసరి. ‘పల్లి’ మాట తీసేసి ఉత్త ‘కోవా’ అనడం కుదరదు. కోవాకు ప్రమాణాలున్నాయి, పొడి పదార్థంలో కనీసం 30 శాతం పాల కొవ్వు ఉండాలి.

ఈ ‘పల్లి కోవా’ అన్న కింది పంక్తి ఇంకో పని కూడా చేస్తుంది. ఇతర దుకాణాలు ఇలాంటి మిఠాయే చేసినప్పుడు వాళ్లు దాన్ని ఏదో ఒక పేరుతో పిలవాలి కదా. రకానికి వేరే పేరు అందుబాటులో లేకపోతే అందరూ ‘నెమలి’ అనే అనేస్తారు. అప్పుడు అది రకం పేరైపోతుంది, సొంతదారు హక్కు పోతుంది. ఉస్మానియా బిస్కెట్ హైదరాబాద్‌లో ఏ బేకరీలో అడిగినా దొరుకుతుంది, అది ఏ ఒక్కరిదీ కాదు. రకం పేరును తామే పెట్టి జనానికి ఇచ్చిన దుకాణానికి తన సొంత ముక్క మిగులుతుంది.

కౌంటర్ కుర్రాడు, బిల్లు మిషన్

పేరు చచ్చిపోయేది ఎక్కువగా సొంత దుకాణంలోనే. కొనేవాడు “నెమలి కోవా అరకిలో ఇయ్యన్నా” అంటాడు. కుర్రాడు లోపలికి తిరిగి “పల్లి కోవా అరకిలో!” అని కేక వేస్తాడు. అంతే, పక్కన నిలబడ్డ అయిదుగురూ రెండో పేరే విన్నారు. వేలు చూపించి ‘గది’ అన్నవాళ్లకు కూడా కుర్రాడు “నెమలి కోవానా? ఎంత?” అని తిరిగి అడగాలి. డబ్బా చేతికిచ్చేటప్పుడు ఇంకోసారి. అద్దం మీది బోర్డు చేయలేని పని ఈ రెండు మాటలు చేస్తాయి. మహా అయితే దుకాణదారు పండక్కి కొత్తగా పనిలోకి తీసుకున్న కుర్రాళ్లకు ఒక పూట కూర్చోబెట్టి చెప్పాల్సి వస్తుంది.

బిల్లు మిషన్‌లో కూడా ఆ పేరే ఉండాలి. చాలాచోట్ల ‘స్వీట్ 1’, ‘మిల్క్ స్వీట్’ అని ధర గుంపులుగా కొడతారు, పని తేలికవుతుందని. దాంతో రెండు నష్టాలు. ఎంత అమ్ముడైందో విడిగా తెలియదు. రేపు ఎవరితోనైనా పేరు మీద తగవు వస్తే ఎప్పటినుంచి వాడుతున్నారో చూపించే కాగితమూ ఉండదు. రిజిస్ట్రేషన్ లేకపోయినా ముందునుంచి వాడినవాడికి హక్కు ఉంటుంది. కానీ ఆ ముందు ఎప్పుడన్నది రుజువు కావాలి. తేదీ వేసి పేరు కొట్టిన బిల్లులు, డబ్బా ముద్రణకు ఇచ్చిన ఆర్డర్ రసీదు అక్కడ పనికొస్తాయి.

హోటల్ వంటకం సంగతి

హోటల్‌లో ఇది కొంత వేరు. మెనూ కార్డు చేతిలో ఉంటుంది, లేదా సర్వర్ నోటితో చదువుతాడు, కాబట్టి పేరు అక్కడికక్కడే పలకాల్సి వస్తుంది. 65వ జాతీయ రహదారి మీద చిట్యాల నుంచి కోదాడ దాకా, 44వ రహదారి మీద షాద్‌నగర్, జడ్చర్ల వైపు ఆగే కార్లలోని వాళ్లు చాలామంది ఆ హోటల్‌కు మొదటిసారి వచ్చినవాళ్లే. వాళ్లకు ‘నాటుకోడి, జొన్న రొట్టె’ అన్న రకం పేరే ముఖ్యం. సొంత పేరు పనికొచ్చేది రెండోసారి ఆగేటప్పుడు. హోటల్ వంటకం సంచిలో ప్రయాణించదు. మాట మాత్రమే ప్రయాణిస్తుంది. అందుకే అక్కడ వంటకం పేరు కంటే హోటల్ పేరే ఎక్కువగా నిలుస్తుంది. వంటకానికి సొంత పేరు పెట్టే ఖర్చు తిరిగిరావడం కష్టం.

పట్టుకుందో లేదో ఎలా తెలుస్తుంది

అమ్మకం పెరిగితే పేరు పట్టుకున్నట్టు కాదు. దసరాకు అన్నీ పెరుగుతాయి. కౌంటర్ దగ్గర ఒక పలక పెట్టి మూడు గడులు గీస్తే చాలు: వేలు చూపించినవాళ్లు, ‘పల్లి కోవా’ అన్నవాళ్లు, ‘నెమలి’ అన్నవాళ్లు. పండగకు నెల ముందు ఒక వారం, పండగ అయిన నెలకు ఒక వారం ఇలా లెక్కపెట్టాలి. పండగకు వచ్చి వెళ్లినవాళ్ల సంచుల్లో పేరు బయటికి వెళ్లి తిరిగి రావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. మూడో గడి పెరగాలి. అందులోనూ ముఖానికి కొత్తవాళ్లు, ఫోన్ చెవికి పెట్టుకుని “ఏం కోవా అన్నవ్?” అని అడుగుతూ కొనేవాళ్లు కనిపిస్తే, పేరు ముగ్గురినీ దాటుతున్నట్టే.

రెండో గడి మాత్రమే పెరుగుతుంటే మిఠాయి బాగుంది, పేరు అందలేదు. అప్పుడు పేరు మార్చే ముందు అచ్చు స్పష్టంగా పడుతోందా, కుర్రాళ్లు పలుకుతున్నారా చూడాలి. ఇవి రెండూ సరిగా ఉండి కూడా జనం ఇంకేదో మాట వాడుతుంటే, ఆ మాటనే తీసుకోవడం గురించి ఆలోచించవచ్చు. కాకపోతే అది ‘నొక్కుడు’లా పని పేరైతే, దాన్ని కింది పంక్తిలో రకం పేరుగా పెట్టి పైన నెమలిని ఉంచుకోవాలి.

పేరు పట్టుకున్నాక వచ్చే చిక్కు సరుకు అయిపోవడం. సాయంత్రం ఆరు గంటలకు నెమలి కోవా అడిగితే మామూలు పాలకోవా కట్టి ‘అదే అన్నా’ అని ఇచ్చే అలవాటు చాలా కౌంటర్లలో ఉంది. బిళ్ల మీద బొమ్మ లేకపోవడం డబ్బా తెరిచిన మొదటి చూపులోనే తెలిసిపోతుంది, అప్పటికి డబ్బా హైదరాబాద్‌లో ఉంటుంది. లేనప్పుడు లేదని చెప్పి, రేపు ఎన్ని గంటలకు దొరుకుతుందో చెప్పడం, అడిగినవాళ్ల ఫోన్ నంబర్ రాసుకోవడం ఆ పూటకు ఒక అమ్మకాన్ని పోగొడుతుంది. పండగ వారంలో 10 లీటర్ల పాలకు బదులు 20 లీటర్లు కాచే ఏర్పాటు, రెండో అచ్చు ముందే చెక్కించి పెట్టుకోవడం ఆ నష్టాన్ని చాలావరకు తగ్గిస్తాయి.